వియ్యపురాలికి ఉగాది కార్డు

సందేహం: అయ్యా, మా వియ్యంకులది పుణె. తెలుగు రాదు. ఈ ఉగాదికి తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండే కార్డు అచ్చువేయించి మా బంధువులకూ వాళ్ళకూ పంపాలనుకున్నాను. ఇంగ్లీషులో రెండు పాదాలు రాసుకుని తెలుగు చేశాను: ‘మీ జీవితం సంతోషాలు మరియు సౌభాగ్యాలతో నిండిపోవాలని మనసారా కోరుకుంటూ...’ తప్పేమీ కనబడదు గానీ, చదివితే మనవాళ్ళ మాటలా లేదు. ‘కోరుకుంటూ’ అని ఆపేయడం తప్పా? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: తప్పని కొట్టిపారేయలేనమ్మా. చివర మీ పేరుంటుంది కదా, ఆ పేరే క్రియను మింగేసిందని సర్దుకోవచ్చు. కానీ ‘కోరుకుంటూ’ తర్వాత ఏం చేస్తున్నారని పిలకాయలు అడిగితే జవాబుండదు. ఇంగ్లీషు ‘విషింగ్ యు’కు ఆ భాషలో అలవాటుగా చెల్లుబాటు ఉంది, మనకది అరువు సొమ్ము. ‘మరియు’ సంగతి మీకు తెలియనిది కాదు. ‘సంతోషంతో, సౌభాగ్యంతో’ అని రెండు మాటలకూ విభక్తి తగిలిస్తే ఆ మాట అవసరమే పడదు. ‘హృదయపూర్వక’ మీరు వాడలేదు, సంతోషం.

అసలు చిక్కు ఆ రెండు మాటల్లో లేదు. ముందు ఇంగ్లీషు పద్యం రాసుకుని దాన్ని తెలుగు చేయబోయారు చూడండి, అక్కడుంది. ఇంగ్లీషు ద్విపాదికి చెవి చివర ఉంటుంది. రెండు పాదాల తుద మాటలు కలిస్తే వాళ్ళకు పద్యమైపోయింది. అదే పని తెలుగులో చేయబోతే ఏమవుతుంది? మన మాటకు ధాతువు ముందుంటుంది, వెనక బహువచనాలూ విభక్తులూ తగులుకుంటాయి. అందుకని తుదిమాటలు కలపాలంటే ‘సంతోషాలు, సౌభాగ్యాలు, శుభాకాంక్షలు’ అని ప్రత్యయాలే ప్రాసలైపోతాయి. ‘లు’కు ‘లు’ కలవడంలో కవి కష్టమేముంది? అంగడిలో దొరికే కార్డులన్నీ ఈ ‘లు’కారంతోనే నడుస్తున్నాయి. ఒక్క సంతోషం చాలని చోట కూడా సంతోషాలు పుట్టేది దీనివల్లే.

మన చెవి పాదం మొదట్లో ఉంటుంది. రెండో అక్షరానికి ప్రాస, పాదం నడుమ యతి. అవి మాట మొదటి భాగం మీద, అంటే అర్థమున్న చోట పడతాయి. కార్డు మీద రెండు పాదాలకే చోటుందంటారా, రెండు పాదాల ఛందస్సు మనకుండనే ఉంది. తిరుపతిలో ఉండి ద్విపద మరిచిపోతే ఎలా తల్లీ! అన్నమయ్య మనుమడు తాళ్ళపాక తిరువేంగళనాథుడు, మనం చిన్నన్న అని పిలుచుకునేవాడు, ‘పరమయోగి విలాసము’, ‘అష్టమహిషీ కల్యాణము’, ‘ఉషా కల్యాణము’ అన్నీ ద్విపదలోనే రాశాడు. 1503లో పరమపదించిన తాతగారి బతుకు ఈవేళ మనకు కథగా తెలుస్తున్నదంటే, ఈయన దాన్నీ ద్విపదలోనే చెప్పి ఉంచినందువల్లే. ఆ చరిత్రను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు. ‘చిన్నన్న ద్విపద కెఱగును’ అని చాటువే ఉంది. పండితులు ద్విపదను చిన్నచూపు చూసిన కాలమూ ఉంది. వృత్తాలు రానివాడి పద్యమని వాళ్ళ లెక్క. కానీ దానికున్న సుగుణం వృత్తాలకు లేదు. మనిషి మాట్లాడినట్టే ఉంటుంది, వాక్యం విరగదు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అయ్యేసరికి ఒక మాట పూర్తవుతుంది. ఊపిరి కూడా అంతే పడుతుంది.

ఇక మీ కార్డు. జీవితం, సౌభాగ్యం వంటి చేతికందని మాటలు పక్కన పెట్టి, రెండిళ్ళలోనూ ఆ రోజు కంటికి కనబడేదేదో ఆలోచించండి. మనం ఉగాది పచ్చడిలో వేపపువ్వు, కొత్త బెల్లం వేస్తాం. పుణెలో అదే రోజు గుడిపాడ్వా. వాళ్ళు వేపాకు బెల్లంతో నంజుకుంటారు. చేదూ తీపీ రెండిళ్ళలోనూ ఉన్నాయి, పైగా మీది వియ్యం. అంతకంటే ఏం కావాలి?

వేపపూ చేదుతో వియ్యమందినది
తీపి బెల్లము, రండి, తిని పోదురండి.

‘వేపపూ – చేదుతో – వియ్యమం – దినది’: మూడు రగణాలు, ఒక నగణం. ‘తీపి బె – ల్లము రండి – తిని పోదు – రండి’: రగణం, రెండు సలాలు, ఒక గలం. వే–వి, తీ–తి యతులు. రెండో అక్షరం పకారం ప్రాస. ‘వేపపూ చేదు’ ఏ సమాసమని నిలదీసే ఛాందసులుంటారు. వాళ్ళకు కార్డు పంపకండి. ఈ పెళ్ళిలో చేదు ఎవరి తరఫు అని వియ్యపురాలు అడిగితే మాత్రం నన్ను ఇరికించొద్దు.

ఇందులో ‘కోరుకోవడం’ ఎక్కడా లేదని గమనించండి. మన ఇళ్ళలో ఆప్యాయత ఆకాంక్షగా వినబడదు, ‘రండి, తిని పోదురు గానీ’ అనే పిలుపుగా వినబడుతుంది.

ఇప్పుడు ఇంగ్లీషు. తెలుగు ద్విపదను ముందు పెట్టుకుని అనువదించబోతే మళ్ళీ అదే గుంటలో పడతారు. వియ్యానికి ఆ భాషలో సూటైన మాట లేదు, దాని కోసం వెతక్కండి. పచ్చడి గిన్నె ఒక్కటే ముందు పెట్టుకుని, వాళ్ళ చెవికి తగ్గట్టు చివర ప్రాసతో వేరే రాయండి:

ది నీమ్ మే బి బిటర్, ది జాగరీస్ స్వీట్;
కమ్ ఇన్ అండ్ సిట్ డౌన్, దేర్ ఈజ్ ప్లెంటీ టు ఈట్.

పాదానికి నాలుగు ఊనికలు, ‘స్వీట్’కు ‘ఈట్’. పువ్వు అనకుండా ఉత్త ‘నీమ్’ అన్నది కావాలనే; వాళ్ళు తినేది ఆకు కదా. తెలుగులో ఉన్న వియ్యం ఇక్కడ లేదు, ఇక్కడున్న ‘ప్లెంటీ’ తెలుగులో లేదు. ఉండనివ్వండి. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలన్నారు. ఒక భాష రెండోదానికి చాకిరీ చేస్తుంటే సమ ఉజ్జీ ఎలా అవుతుంది? ఒక పరీక్ష చెబుతాను. తెలుగు పాదాలను మాటకు మాట ఇంగ్లీషు చేసి చూడండి. పక్కనున్న ఇంగ్లీషు పద్యం యథాతథంగా వచ్చేసిందంటే రెంటిలో ఒకటి దొంగది.

ఇంకో పండుగకు మీరే కట్టబోతే, ముందుగా చిక్కొచ్చేది ప్రాస దగ్గర. అది కుదరక రెండో పాదం మొదట ఏదో ఒక సంస్కృత పదం తెచ్చి అతికించాలనిపిస్తుంది. అతికించకండి. ప్రాస లేని ద్విపదకు మంజరి అని పేరుంది, హాయిగా అది రాయండి. యతి మాత్రం వదలొద్దు. అది తప్పితే పాదం నడుమ కుంటు వినబడుతుంది. వచనమే రాస్తామంటే దానికీ నా అభ్యంతరం లేదు, ‘లు’లు లేకుండా ఉంటే.

‘ఉగాది శుభాకాంక్షలు’ అడుగున చిన్న అక్షరాల్లో వేయించండి, ఎవరికీ కష్టం ఉండదు. ప్రెస్సువాళ్ళతో ఒక మాట చెప్పి ఉంచండి: ఇంగ్లీషుకు పెట్టినంత ఎడమే తెలుగు పాదాల మధ్యా పెడతారు, అప్పుడు ‘వియ్యమందినది’లోని ఒత్తు కింది పాదంలోని గుడుల మీద కూర్చుంటుంది. తెలుగుకు ఎడం కాస్త పెంచమనండి, నమూనా ప్రతి తెప్పించుకుని చూశాకే అచ్చుకు ఒప్పుకోండి.