డివిడెండ్ మోడల్‌లో విలువ మార్కెట్ ధరలో సగం కూడా రాలేదు, తప్పెక్కడ?

ప్రశ్న: రెండు దశల డివిడెండ్ డిస్కౌంట్ మోడల్‌ను ఎక్సెల్‌లో వేశాను. ఈపీఎస్ 50, ఇప్పుడిచ్చిన డివిడెండ్ 10. ఐదేళ్లు 20 శాతం గ్రోత్, ఆ తర్వాత ఎప్పటికీ 6 శాతం. నాకు కావాల్సిన రాబడి 12 శాతం. విలువ 284.5 వచ్చింది, మార్కెట్లో ధర 650. షేరు నిజంగానే ఇంత ఖరీదైందా, నేనే ఎక్కడైనా తప్పు చేశానా?

జవాబు: తప్పులు రెండున్నాయి. ఒకటి చిన్నది. రెండోది లెక్కనే తలకిందులు చేసేది.

284.5 చూడగానే చిన్నది దొరికిపోయింది, ఎందుకంటే నేనూ ఒకప్పుడు సరిగ్గా అక్కడే పడ్డాను. మొదటి ఐదేళ్ల డివిడెండ్లు 12, 14.4, 17.28, 20.74, 24.88. వీటి నేటి విలువ 61.8, ఇది మీకు సరిగ్గానే వచ్చి ఉంటుంది. ఆరో ఏడాది డివిడెండ్ 26.376. దాన్ని 12కీ 6కీ మధ్య తేడాతో, అంటే 0.06తో భాగిస్తే 439.6. ఆరో ఏడాది డివిడెండ్ వాడాం కదా అని మీరు దీన్ని ఆరేళ్లకు డిస్కౌంట్ చేశారు. కానీ ఈ సూత్రం వచ్చే ఏడాది డివిడెండ్ తీసుకుని ఈ ఏడాది చివరి ధర చెబుతుంది. కాబట్టి 439.6 అనేది ఐదో ఏడాది చివరి ధర, డిస్కౌంట్ ఐదేళ్లకే:

```
=26.376/(0.12-0.06)/(1.12)^5
```

ఇది 249.4. మొత్తం 311. అయినా మార్కెట్ ధరలో సగం లేదు.

అసలు విషయం ఇక్కడుంది. కొన్నేళ్ల కిందట ఇలాంటి షీట్ చూసే నేను ఒక మంచి కంపెనీని "బాగా ఖరీదు" అని పక్కన పెట్టేశాను. ఆఫీసులో ఒక సీనియర్ షీట్ చూసి ఒకే ఒక్క మాట అడిగారు: "ఆరో ఏడాది నుంచి పంచకుండా అట్టిపెట్టుకున్న లాభం ఏమైపోతోందయ్యా?" నా దగ్గర సమాధానం లేదు.

మీ కంపెనీనే చూడండి. 50 సంపాదించి 10 పంచుతోంది, 80 శాతం వ్యాపారంలోనే పెడుతోంది. ఆ డబ్బు మీద 25 శాతం ఆర్జిస్తేనే 20 శాతం గ్రోత్ వస్తుంది (0.8 × 25). అది మొదటి దశకు బాగానే ఉంది. రెండో దశలో మీరు గ్రోత్‌ను 6కి దించారు గానీ పంపకాన్ని మాత్రం 20 శాతం దగ్గరే వదిలేశారు. అంటే లాభంలో 80 శాతం అట్టిపెట్టుకుని 6 శాతమే ఎదుగుతోంది, కొత్తగా పెట్టిన డబ్బు మీద వచ్చేది 7.5 శాతం. 12 శాతం కోరే వాటాదారుడి డబ్బును కంపెనీ ఎప్పటికీ 7.5 శాతానికి తిప్పుతూ ఉంటుందని మీ షీట్ చెబుతోంది, మీరు ఆ మాట ఎక్కడా రాయకపోయినా.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఐదో ఏడాది చివరి ధరను ఆ ఏడాది ఈపీఎస్‌తో భాగించండి: 439.6ను 124.4తో. పీఈ 3.5. ఏటా 6 శాతం ఎదిగే నిలకడైన కంపెనీకి ఆ పీఈ చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి.

సరిచేయాలంటే రెండో దశ పంపకాన్ని గ్రోత్ నుంచే రాబట్టాలి. నేను జాగ్రత్తపడి, పోటీ పెరిగాక కొత్త పెట్టుబడి మీద 12 శాతమే వస్తుందనుకుంటాను. 6 శాతం గ్రోత్‌కు అప్పుడు సగం లాభం అట్టిపెడితే చాలు, మిగతా సగం పంచేయొచ్చు. ఆరో ఏడాది ఈపీఎస్ 131.9, డివిడెండ్ 65.94. ఐదో ఏడాది చివరి ధర 1,099, దాని నేటి విలువ 623.6. మొదటి ఐదేళ్ల 61.8 కలిపితే 685.

ఇంకో సంగతి ఈ మార్పు చేశాకే నాకు కనబడింది. పాత షీట్‌లో చివరి గ్రోత్‌ను 6 నుంచి 7కి పెంచితే విలువ 311 నుంచి 364కి ఎగబాకుతుంది, ఊరికే వచ్చినట్టు. కొత్త షీట్‌లో అదే మార్పుకు 685 కాస్తా 691 అవుతుంది, అంతే. కోరిన రాబడికి సమానంగా ఆర్జించే కంపెనీ ఎక్కువ ఎదగాలంటే అంత తక్కువ పంచాలి, అందుకే. చివరి గ్రోత్ 6 పెట్టాలా 6.5 పెట్టాలా అని నేను గంటలు తగలేసిన రోజులున్నాయి, అదంతా వృథా.

మీరు తల బద్దలు కొట్టుకోవాల్సింది వేగం ఎన్నేళ్లు ఉంటుందన్న దాని మీద. 20 శాతం గ్రోత్ ఐదేళ్లు కాక నాలుగేళ్లకే ఆగిపోతే, మిగతావన్నీ అలాగే ఉంచినా, విలువ 630కి దిగుతుంది. 650 ధర సరైనదా కాదా అన్నది ఆ ఐదో ఏడాదిని మీరు ఎంత నమ్ముతారన్న దాన్ని బట్టే తేలుతుంది.