తీర్పు చెప్పొద్దని నేర్పడమే కష్టం

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినవన్నీ రాత్రి పడుకున్నాక కూడా గుర్తుకొస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్లీ బెల్లు కొట్టేదాకా ఉన్న ఆ కాసేపట్లోనే నీ దగ్గరికి నాలుగైదు పంచాయితీలు వస్తున్నాయన్నావు, వాటిలో సగం క్రికెట్టు, మిగతా సగం బోరింగు దగ్గర లొల్లి. పిల్లలతోనే తగవులు తీర్పించే నాటకం ఆడిద్దామనుకుంటున్నానంటే నాకు సంతోషమైంది. కానీ నేను మొదటిసారి చేసినప్పుడు ఎక్కడ దెబ్బతిన్నానో ముందు చెప్తాను, ఎందుకంటే నువ్వూ అక్కడే తడబడతావని నా అనుమానం.

అప్పుడు ఏడో తరగతి లీడరుగా ఉన్న, బాగా చదివే పిల్లోడిని నేను మధ్యవర్తిగా కూర్చోబెట్టాను. వాడు తువ్వాల భుజం మీద వేసుకొని, గొంతు సవరించుకొని, ఇద్దరినీ చెరో నిమిషం విని, "తప్పు నీదే, ఇరవై గుంజీలు తియ్" అన్నాడు. తరగతంతా చప్పట్లు. నేనూ నవ్వాను. మరునాడు గ్రౌండులో నిజంగానే ఒక పిల్లోడు గుంజీలు తీస్తున్నాడు, లీడరు లెక్కపెడుతున్నాడు. ఆ పిల్లోడి అమ్మ బడికొచ్చి నన్ను అడిగిన మాటలకు నా దగ్గర జవాబు లేదు. 2009 విద్యాహక్కు చట్టం మనల్నే పిల్లల్ని శిక్షించొద్దంటే, నేను ఆ పని పిల్లోడికి అప్పజెప్పినట్టయింది.

వాడి తప్పేం లేదు. మన ఊళ్లల్లో పిల్లలు చూసింది పెద్దమనుషుల పంచాయితీనే కదా. గద్దె మీద కూర్చున్నవాళ్లు వింటారు, తప్పు ఎవరిదో తేలుస్తారు, జరిమానా వేస్తారు. మధ్యవర్తి అనగానే వాళ్ల కళ్ల ముందుకొచ్చే బొమ్మ అదే. నువ్వు నేర్పాల్సింది దానికి పూర్తిగా తలకిందులు: మధ్యవర్తి తప్పెవరిదో తేల్చడు, సలహా ఇవ్వడు, శిక్ష అసలే వెయ్యడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినేలా చూసి, దారి వాళ్లనే వెతుక్కోనిస్తాడు. ఇది నోటితో చెప్తే పిల్లలు తలూపుతారు కానీ కూర్చోగానే మళ్లీ పెద్దమనుషులైపోతారు. అందుకే చింతగింజల పద్ధతి పెట్టాను. నాటకం చూసే ఇద్దరు పిల్లల ముందు ఒక ఖాళీ గిన్నె, గుప్పెడు చింతగింజలు. మధ్యవర్తి "నువ్వు ఇట్ల చెయ్యాల్సింది", "తప్పు నీదే", "సారీ చెప్పు" లాంటి మాట అన్నప్పుడల్లా గిన్నెలో ఒక గింజ టక్కుమని వేయాలి. మొదటి ఆటలో ఒక అమ్మాయికి పదకొండు పడ్డాయి, నాలుగోసారికి రెండు. ఆ టక్ చప్పుడు నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నిటికంటే బాగా పనిచేసింది.

ఇక నాటకం ఎట్లా నడపాలో ఒక్క తగవు పట్టుకొని చెప్తాను. నేను ఎప్పుడూ బ్యాటు గొడవతోనే మొదలుపెట్టేదాన్ని, పిల్లలందరికీ తెలిసిన గొడవ కాబట్టి. ఆరుగురు కావాలి: తగవులో ఇద్దరు, మధ్యవర్తులు ఇద్దరు, గింజలు వేసేవాళ్లు ఇద్దరు. తగవులో ఉన్నవాళ్లకు చెరో అట్టముక్క కార్డు ఇవ్వు. కార్డు ముందువైపు అందరికీ తెలిసే సంగతి, వెనకవైపు వాడికొక్కడికే తెలిసే సంగతి. వెనకది ఎవరైనా మెల్లగా, సరిగ్గా అడిగితేనే బయటపెట్టాలి, లేకపోతే దాచుకోవాలి. ఆట రక్తికట్టేది ఇక్కడే.

రాజు కార్డు ముందు: "బ్యాటు నాది. నేను ఔట్ కాలేదు. మల్లేశ్ బ్యాటు గుంజుకున్నాడు, నేను నెట్టేశాను." వెనక: "పోయినసారి పిడి విరిగితే బాపు కొట్టాడు, ఇంకోటి కొనివ్వనన్నాడు. బ్యాటు వేరేవాళ్ల చేతిలో ఉంటే నాకు భయం." మల్లేశ్ కార్డు ముందు: "రాజు తొండి ఆడతాడు, ఔటైనా దిగడు. మూడు రోజుల నుంచి నాకు బ్యాటింగ్ రాలేదు." వెనక: "బంతి గోడ దాటితే ప్రతిసారీ తెచ్చేది నేనే. నిన్నటి నుంచి అందరూ నన్ను బంతోడా అని పిలుస్తున్నారు."

నలుగురినీ చాప మీద కూర్చోబెట్టు. తగవులో ఉన్నవాళ్లను ఎదురెదురుగా పెట్టకు, చూపులతోనే కొట్టుకుంటారు. ఇద్దరూ కొంచెం ఎడంగా ఒకే వైపు, మధ్యవర్తులు వాళ్లకు ఎదురుగా. నువ్వు దూరంగా, వీలైతే వెనకాల ఉండు. నేను పక్కనే నిలబడితే పిల్లలు ప్రతి మాటకీ నా మొహం చూసేవాళ్లు, చివరికి నన్నే తీర్పు అడిగేవాళ్లు.

మధ్యవర్తి ముందు నాలుగు మాటలకు ఒప్పించాలి: ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడొద్దు, తిట్టొద్దు, చెయ్యి చేసుకోవద్దు, ఇక్కడ విన్నది బయట చెప్పొద్దు. ఇద్దరూ "సరే" అని నోటితో అనాలి, తల ఊపితే చాలదు. ఒకరు ఒప్పుకోకపోతే కూర్చోవడమే వద్దు, ఎందుకంటే బలవంతంగా కూర్చోబెట్టిన రాజీ గేటు దాటేలోపే పోతుంది.

తర్వాత ఒక్కొక్కరు చెప్తారు. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు "ఎందుకు నెట్టినవ్?" అని అడగడం. మన దగ్గర "ఎందుకు" అంటే సగం తిట్టే కదా, పిల్లోడు వెంటనే "వాడే ముందు గుంజిండు" అంటాడు, పాత పాట మొదలవుతుంది. "ఏమైంది? అప్పుడు నీకేమనిపించింది? ఇప్పుడు నీకేం కావాలి?" ఈ మూడు ప్రశ్నలే నేర్పు. విన్నాక మధ్యవర్తి తిరిగి చెప్పాలి: "నువ్వన్నది ఇదేనా, మూడు రోజులు ఫీల్డింగ్ చేసినా నీకు వంతు రాలేదు, అందుకే బ్యాటు పట్టుకున్నావు?" ఆ పిల్లోడు "ఆ, గదే" అనేదాకా రెండోవాడి దగ్గరికి పోవద్దు. ఆ ఒక్క మాట కోసం ఓపిక పట్టమను. తను చెప్పింది ఎదుటివాడికి అందిందని తెలిశాక పిల్లల భుజాలు కిందికి దిగుతాయి, చూస్తే నీకే తెలుస్తుంది.

ఒకసారి రాజుగా ఆడిన పిల్లోడిని ఆరో తరగతి అమ్మాయి, "బ్యాటు ఇస్తే ఏమైతదని అనిపిస్తుంది నీకు?" అని అడిగింది. వాడు కాసేపు కార్డు తిప్పి తిప్పి చూసుకొని బాపు సంగతి చెప్పాడు. మల్లేశ్ వేషంలో ఉన్నవాడు, అది నాటకమని మర్చిపోయి, "గది ముందే చెప్పొచ్చు కదరా" అన్నాడు. చూడు, ఔటా కాదా అనే గొడవ అక్కడితో అయిపోయింది, ఎవరూ తేల్చలేదు, తేల్చాల్సిన అవసరమూ రాలేదు. నిన్నటి బంతిని ఎవరూ మళ్లీ వెయ్యలేరు కదా, రేపటి ఆట ఎట్లా అన్నదే మిగిలింది.

ఒప్పందం దగ్గర మళ్లీ జాగ్రత్త. పిల్లలు తొందరపడి "ఇగ నుంచి మంచిగుంటం" అని చేతులు కలుపుతారు. దాన్ని ఒప్పుకోవద్దను, రేపు అది జరిగిందో లేదో ఎవరూ చూడలేరు కాబట్టి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు అన్నది ఉండాలి. ఆ రోజు వాళ్లు రాసుకున్నది ఇది: ఔటైనా కాకపోయినా తలా ఆరు బంతులు, వరుస చీటీలతో. గోడ దాటించినవాడే బంతి తేవాలి. బ్యాటును నేలకేసి కొట్టొద్దు, బెల్లు కాగానే రాజు చేతికి. బంతోడా అని పిలవొద్దు. వచ్చే బుధవారం మధ్యవర్తులు అడిగి చూస్తారు. "బ్యాటు విరిగితే తలా పది రూపాయలు" అని కూడా రాయబోయారు, అది నేనే ఆపాను. ఇంట్లో లేని పైసలకు పిల్లలు మాటివ్వకూడదు. నేను కల్పించుకున్నది ఆ ఒక్కచోటే.

ఇదంతా ఒక పీరియడ్‌లో అయిపోతుంది. మరునాడు అదే కార్డులతో వేషాలు మార్చి ఆడించు, రాజు మల్లేశ్ కావాలి. మొదటిరోజు గొంతు చించుకున్నవాడు రెండోరోజు అవతలి కార్డు వెనక చదివి మెత్తబడతాడు. ఎప్పుడూ ఒకే పిల్లోడికి కొట్టేవాడి వేషం ఇవ్వకు, ఆ పేరే వాడికి నిలిచిపోతుంది. ఆట అయ్యాక కార్డు కింద పెట్టి, సొంత పేరు గట్టిగా చెప్పి లేవాలి. చిన్నపని అనిపిస్తుంది కానీ ఒకసారి నేను మర్చిపోతే వేషంలోని కోపం ఇంటిదారి దాకా పోయింది.

మధ్యవర్తులుగా లీడర్లనే తీసుకోకు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు ఈ పద్ధతిని బడుల్లోకి తెచ్చినవాళ్లలో ముఖ్యులు. వాళ్లు కొద్దిమందిని ఎంచుకోకుండా తరగతిలో అందరికీ నేర్పి, వంతులవారీగా కూర్చోబెట్టమన్నారు. నాకూ అదే సరైందనిపించింది, బాగా కొట్లాడేవాడు మంచి మధ్యవర్తి కావడం నేను చూశాను, వాడికి గొడవ లోపల ఏముంటుందో తెలుసు మరి. మీ బడికి తండా పిల్లలు వస్తారన్నావు కదా, కోపంలో వాళ్లకు తెలుగు తడబడుతుంది, వేగంగా మాట్లాడేవాడే నెగ్గుతాడు. జంటలో ఒకరు లంబాడీ తెలిసినవాళ్లు ఉంటే ఆ పిల్లోడు తన మాటలోనే చెప్పుకుంటాడు.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. కులం పేరుతో తిట్టడం, ఒంటి మీద తప్పుగా చెయ్యి వెయ్యడం, రక్తం వచ్చిన దెబ్బ, పైసలు గుంజడం, నలుగురు కలిసి రోజూ ఒక్కడినే సతాయించడం, ఇవి చాప మీదికి రాకూడదు, నేరుగా నీ దగ్గరికి రావాలి. బలం సమానంగా లేనప్పుడు రాజీ అంటే బలహీనుడినే ఇంకాస్త తగ్గమనడం. పిల్లలకు దీని గుర్తు కూడా నేర్పాలి: ఒకడు జవాబు చెప్పేముందు ప్రతిసారీ అవతలివాడి మొహం చూస్తున్నాడంటే, ఏదడిగినా "సరే సరే" అంటున్నాడంటే, మధ్యవర్తి ఆపేసి "టీచరు దగ్గరికి పోదాం" అనాలి. అందుకే మూడో నాటకంలో అలాంటి కార్డు ఒకటి చెప్పకుండా కలుపు. ఆపినవాళ్లకు ఆ రోజు గింజలు లెక్కపెట్టకు.

నిజం గొడవలకు కనీసం నాలుగైదు నాటకాలయ్యాకే కూర్చోబెట్టు. రాజు, మల్లేశ్ కార్డులు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను, మీ తరగతిలో ఆ పేర్లవాళ్లుంటే రాసేముందు మార్చుకో.

మీ పెద్దమ్మ
హనుమకొండ