సగం దాటిన కాంట్రాక్టులో లాభం ఎంత తీసుకోవాలి?

ప్రశ్న: "కాంట్రాక్ట్ కాస్టింగ్‌లో పని 60 శాతం అయ్యాక నోషనల్ ప్రాఫిట్‌ని 2/3తో గుణించి, మళ్లీ క్యాష్ రిసీవ్డ్ బై వర్క్ సర్టిఫైడ్‌తో ఎందుకు గుణిస్తారు? ఒకే లాభాన్ని రెండుసార్లు కోసినట్టు కాదా? నిజంగా కంపెనీల్లో ఇలాగే చేస్తారా?"

రెండు కోతలూ రెండు వేరే భయాల కోసం. 2/3 అనేది ఇంకా కట్టాల్సిన భాగంలో ఏం జరుగుతుందో అన్న భయం. క్యాష్ నిష్పత్తి అనేది కట్టేసిన భాగానికి కూడా డబ్బు పూర్తిగా చేతికి రాలేదన్న భయం. అందుకని రెండుసార్లు కోయడం మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. నా గొడవంతా కోసే ముందు ఉన్న అంకెతోనే. ఆ నోషనల్ ప్రాఫిట్, అంటే ఇప్పటిదాకా అయిన పని విలువలోంచి ఖర్చు తీసేస్తే మిగిలేది, ఎక్కణ్నుంచి వచ్చిందో చూడకుండా అందరూ భిన్నాలు పట్టుకుని కొట్టుకుంటారు.

నేను బిల్డింగ్ కాంట్రాక్టులు చేసే సంస్థలో చాలాకాలం అకౌంట్స్ చూశాను. ఒక సంవత్సరాంతపు లెక్క చెబుతా, అంకెల్ని తేలిగ్గా అర్థమయ్యేలా గుండ్రంగా మార్చాను, అన్నీ లక్షల్లో. కాంట్రాక్ట్ ధర 500. ఆర్కిటెక్ట్ ఆ రోజుకి సర్టిఫై చేసిన పని 300, అంటే 60 శాతం. రిటెన్షన్ 10 శాతం, కాబట్టి బిల్లుల మీద మాకు దక్కినది 270, మిగతా 30 క్లయింట్ దగ్గరే ఉంది. ఖర్చు వైపు, సైట్‌కి పంపిన మెటీరియల్ 140, కూలీలు 78, సబ్‌కాంట్రాక్టులూ సైట్ ఖర్చులూ 32, మెషినరీ అరుగుదల 15. మొత్తం 265. సైట్‌లో వాడకుండా మిగిలిన సిమెంటు, స్టీలు 10 తీసేస్తే 255.

ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ మొదలైంది అన్‌సర్టిఫైడ్ వర్క్ దగ్గర, అంటే కట్టాం గానీ ఆర్కిటెక్ట్ ఇంకా సర్టిఫికెట్ ఇవ్వని పని.

సైట్ ఇంజనీర్ గారు ఒక చీటీ పంపారు, అన్‌సర్టిఫైడ్ 20 అని. వివరం ఏమీ లేదు, కింద ఒక సంతకం. నేను ఫోన్ చేసి ఏ రేటు మీద వేశారని అడిగితే "బిల్లు రేటేనండీ, ఇంకేం రేటు వేస్తాం" అన్నారు. మొదటి తప్పు అదే. సర్టిఫై అయిన పనిని కాంట్రాక్ట్ రేటు మీద చూపిస్తాం, ఎందుకంటే దాన్ని అవతలి పక్షం ఒప్పుకుంది. సర్టిఫై కానిదాన్ని కేవలం ఖర్చు మీద చూపించాలి, అందులో లాభం కలపకూడదు. అది మనం అనుకున్న ధర మాత్రమే కదా, ఎవరూ ఇంకా ఔనన్లేదు.

ఏం పనులు కలిపారో చెప్పమన్నాను. కాసేపు నసిగి చెప్పారు. అందులో 9 లక్షల బిల్లు విలువ ఉన్న స్తంభాలు ఉన్నాయి. షటరింగ్ విప్పాక లోపల తేనెపట్టులా ఖాళీలు బయటపడ్డాయి, ఆర్కిటెక్ట్ మనిషి చూసి పగలగొట్టి మళ్లీ పోయమని రాసిచ్చాడు. అంటే అది సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్న పని కాదు, తిరస్కరించిన పని! "పోసింది నిజమే కదండీ, ఖర్చయింది నిజమే కదా" అని ఆయన వాదన. ఖర్చయిందండీ, అందుకే అది 255లో ఉంది. కానీ దానికి విలువ లేదు, పైగా పగలగొట్టే ఖర్చు ఇంకా రావాల్సి ఉంది. మిగిలిన 11 మాత్రం నిజమైన అన్‌సర్టిఫైడ్, దాని ఖర్చు తేలిస్తే 9. చీటీలోని 20 కాస్తా 9 అయింది.

నా లెక్కలో నోషనల్ ప్రాఫిట్ ఇది:

```
300 + 9 − 255 = 54
2/3 × 54 × 270/300 = 32.4
```

చీటీ నమ్మి ఉంటే 65 వచ్చేది. అక్కడితో అయిపోలేదు. మా యజమానికి ఈ లోపు క్యాష్ నిష్పత్తి మీద ధ్యాస పోయింది. "బ్యాంకులో ఈ క్లయింట్ నుంచి 290 వచ్చాయి, మీరు 270 అని ఎందుకు రాశారు" అని అడిగారు. నిజమే, బ్యాంకులో 290 ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు క్లయింట్ 50 అడ్వాన్స్ ఇచ్చాడు, ప్రతి రన్నింగ్ బిల్లులో కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చి 30 రాబట్టుకున్నాడు. ఇంకా 20 మన దగ్గర మిగిలింది, అది చేయని పని మీద డబ్బు, అంటే అప్పులాంటిది. సర్టిఫై అయిన పనికి ముట్టింది చేతికొచ్చిన 240, అడ్వాన్స్‌లో సర్దుబాటైన 30, వెరసి 270. పుస్తకాల్లో ఈ సంగతి ఎందుకు రాయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్రతి లెక్కలోనూ "క్యాష్ రిసీవ్డ్, సర్టిఫైడ్ వర్క్‌లో 90 శాతం" అని ఒక్క ముక్క రాసేసి వదిలేస్తారు. పిల్లలు నిజంగా ఒక బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసేసరికి బిత్తరపోతారు.

సరే, ఆయన 290నీ, ఇంజనీర్ గారి 20నీ కలిపి సూత్రంలో పెడితే ఎంతొస్తుందో చూడండి:

```
2/3 × 65 × 290/300 = 41.9
```

సూత్రాన్ని ఎక్కడా తప్పు వాడలేదు, రెండు కోతలూ పడ్డాయి, అయినా 32.4 కాస్తా 41.9 అయింది. మీరు అడిగిన జాగ్రత్త అంతా లోపలికి వెళ్లే అంకెల్లో కారిపోయింది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తుంది. ఆ 54 కూడా నన్ను నిద్రపోనివ్వలేదు, ఎందుకంటే నోషనల్ ప్రాఫిట్‌కి వెనక్కి చూడడమే తెలుసు. మేం టెండర్ వేసినప్పుడు తవ్వకం, పునాది, కాంక్రీట్ లాంటి ముందు వచ్చే పనులకి రేట్లు కాస్త ఎక్కువ వేసి, టైల్స్, తలుపులు, పెయింటింగ్ లాంటి చివరి పనులకి తక్కువ వేశాం. మొత్తం ధర మారదు, కానీ డబ్బు ముందే వస్తుంది, చాలామంది కాంట్రాక్టర్లు చేసే పనే ఇది. దీనివల్ల మొదటి 60 శాతంలో లాభం లావుగా కనిపిస్తుంది, ఆఖరి 40 శాతం ఎండిపోతుంది. దీన్ని 2/3 అనే భిన్నం పసిగట్టలేదు, అది ప్రతి కాంట్రాక్టులోనూ అదే 2/3.

అందుకని మిగిలిన పనికి ఎంతవుతుందో ఐటెం ఐటెంగా వేయించాను. ఇంజనీర్ గారికి అసలు ఇష్టం లేదు. స్తంభాలు పగలగొట్టి మళ్లీ పోయడం, సైట్‌లో ఉన్న ఆ 10 మెటీరియల్, మెషినరీ మిగతా అరుగుదల, అన్నీ కలిపి ఇంకా 205 పెట్టాలని తేలింది. ఇప్పటిదాకా 255, ఇకపై 205, మొత్తం 460. అంటే 500 కాంట్రాక్టులో మొదటినుంచి చివరిదాకా కలిపి లాభం 40. గమనించారా, సగం దారిలో నోషనల్ ప్రాఫిట్ 54, చివరికి చేరేసరికి మొత్తమే 40. యజమాని తీసుకోబోయిన 41.9 మొత్తం లాభం కన్నా ఎక్కువ, మిగతా 40 శాతం పని అంతా నష్టానికి చేయాలన్నమాట! నా 32.4 కూడా మరీ మంచిదేం కాదు, ఆఖరి 200 బిల్లుకి 7.6 మాత్రమే మిగులుస్తుంది.

చివరికి మేం తీసుకున్నది ఇది:

```
40 × 300/500 × 270/300 = 21.6
```

పుస్తకాలు ఈ అంచనా లాభం పద్ధతిని కాంట్రాక్ట్ పూర్తవడానికి దగ్గరపడ్డాకే వాడమంటాయి. నా ఉద్దేశంలో నమ్మదగ్గ అంచనా చేతిలో ఉంటే 60 శాతం దగ్గర కూడా అదే వాడాలి, 2/3 అనేది అంచనా వేయడానికి బద్ధకించినవాళ్ల కోసం పెట్టింది. పావు వంతు కూడా కాని కాంట్రాక్టులో లాభం తీసుకోకూడదన్న నియమం మాత్రం నాకు ఇష్టం. అక్కడ అంచనాలు కూడా గాల్లోనే ఉంటాయి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. ఇక మిగిలిన పని ఖర్చు 205 కాక 250 అని తేలి ఉంటే మొత్తం 505 అయి 5 నష్టం. అప్పుడు వంతులు లేవు, నిష్పత్తులు లేవు, నోషనల్ ప్రాఫిట్ 54 కనబడుతున్నా సరే, మొత్తం 5 నష్టాన్నీ ఈ సంవత్సరమే చూపించాలి.

కంపెనీల్లో ఇలాగే చేస్తారా అంటే, బయటికిచ్చే అకౌంట్స్‌లో చేయరు. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15లో గానీ, అంతకుముందున్న ఐఏఎస్ 11లో గానీ 2/3 లాంటి భిన్నాలు కనిపించవు. పని ఎంత పూర్తయిందో కొలిచి ఆ మేరకు ఆదాయం చూపిస్తారు, డబ్బు రాలేదన్న కారణంగా లాభాన్ని నిష్పత్తిలో కోయరు. రిటెన్షన్ రావాల్సిన ఆస్తిగా ఉంటుంది, అది వస్తుందా రాదా అన్నది విడిగా తేల్చుకుంటారు. ఈ విషయంలో ప్రమాణాలదే సరైన దారి అంటాను. మా లెక్కలోనే చూడండి, క్యాష్ నిష్పత్తి వల్ల లాభంలో తగ్గింది 2.4, క్లయింట్ చేతిలో ఇరుక్కున్నది 30. లోపాలుంటే మనమే సరిచేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అయ్యాక ఏదో లీకేజీ చూపించి అతను రిటెన్షన్ ఆపేస్తే 2.4 ఏ మూలకి సరిపోతుంది? అదే ఏ గొడవా లేని క్లయింట్ అయితే ఆ 2.4 కూడా అనవసరంగా ఆపినట్టే.

మీరు పరీక్ష కోసం అడుగుతుంటే మాత్రం నా మాటలు పట్టుకుని పేపర్‌లో వాదించకండి. మొత్తం ఖర్చు అంచనా ఇవ్వకుండా 60 శాతం అని ఇస్తే 2/3 వేసి, క్యాష్ నిష్పత్తి వేసి, మిగిలింది రిజర్వ్‌కి పంపండి. అన్‌సర్టిఫైడ్ వర్క్‌ని కాంట్రాక్ట్ రేటు మీద ఇచ్చారా, ఖర్చు మీద ఇచ్చారా అన్నది ప్రశ్నలో ఒకటికి రెండుసార్లు చదవండి, మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.