ఉప్మా రెసిపీని రష్యన్‌లో ఎలా రాయాలి?

ప్రశ్న: మాస్కోలో ఉన్న ఫ్రెండ్‌కి మా అమ్మ ఉప్మా రెసిపీ రష్యన్‌లో రాసి పంపాలి. రష్యన్ ఓ మాదిరిగా వచ్చు. కప్పులు, దినుసుల పేర్లు, "వేయండి, కలపండి" లాంటివి ఎలా రాయాలో తెలిసినవాళ్లు చెప్తారా?

జవాబు: పిండివంటల ప్యాకెట్ల మీద రష్యన్ సూచనలు రాసే పని చేస్తుంటాను, ఆ అనుభవంతో చెప్తున్నాను.

కప్పుకి అక్కడి మాట "స్తకాన్". కాకపోతే కొందరికి స్తకాన్ అంటే 200 మి.లీ., కొందరికి 250. అందుకని మీ అమ్మగారి కప్పుతో రవ్వ కొలిచి, తూకం వేసి గ్రాముల్లో రాసేయండి, నీళ్లు మి.లీ.లలో. అర స్పూను అయితే 0,5 అని కామాతో రాస్తారు.

దినుసుల్లో జీలకర్ర దగ్గర జాగ్రత్త. డిక్షనరీ చూస్తే "త్మిన్" అని వస్తుంది, అది రై రొట్టెల్లో వేసే వేరే గింజ. మన జీలకర్ర "జిరా". మధ్య ఆసియా పులావులో పడేది అదే కాబట్టి మసాలాలమ్మేవాళ్లకి బాగా తెలుసు. కొత్తిమీరకి "కిన్‌జా", ధనియాలకి "కొరియాండర్". కరివేపాకుకి "లీస్త్యా కర్రీ" అని పూర్తిగా రాయండి, వట్టి "కర్రీ" అంటే పసుపురంగు పొడి వేసేస్తారు. రవ్వ "మన్కా". అది మన బొంబాయి రవ్వ కన్నా సన్నం, త్వరగా ఉండకడుతుంది, ఆ మాట కూడా రాయండి.

అసలు తలనొప్పి క్రియలతోనే. రష్యన్‌లో ఒకసారి చేసి ముగించే పనికి ఒక రూపం, చేస్తూ ఉండాల్సిన పనికి ఇంకొకటి. మన "కలపండి", "కలుపుతూ ఉండండి" తేడా అన్నమాట. ఒకసారి కలిపి వదిలేయాలంటే "పెరెమెషాయ్‌తె", కలుపుతూనే ఉండాలంటే "పమేషివాయ్‌తె". ఉల్లిపాయ తరగండి "నరేష్‌తె", వేయండి "దబావ్‌తె", రెండూ ముగిసే పనులే. "5 నిమిషాలు ఉడికించండి" అన్నచోట మాత్రం "వరీతె" రావాలి, అక్కడ నిమిషాలున్నాయి కదా. "వద్దు" అనేటప్పుడు మామూలుగా రెండో రకమే: మూత పెట్టండి "నక్రోయ్‌తె", మూత పెట్టకండి "నె నక్రివాయ్‌తె".

ఉప్మాలో కీలకమైన వాక్యం తీసుకోండి, "రవ్వని సన్నని ధారగా పోస్తూ కలుపుతూ ఉండండి". రష్యన్ వంటల్లో దీనికి రెడీమేడ్ వాక్యం ఉంది: "ఫ్సీప్‌తె మన్కు తోన్కయ్ స్త్రూయ్‌కయ్, పస్తయాన్న పమేషివయా". పోయడం ముగిసే పని, కలపడం దానితోపాటు సాగే పని. మన్కా కర్మ కాబట్టి మన్కు అయింది.

కొన్ని పుస్తకాల్లో "నరేజత్, దబావిత్" అని "తరగడం, వేయడం" పద్ధతిలో రాస్తారు. అదీ తప్పు కాదు, కానీ ఒకే రెసిపీలో రెండూ కలపకండి. ఫ్రెండ్‌కి పంపేది కాబట్టి నాకైతే "తె" రూపమే బాగుంటుందనిపిస్తుంది. ఉప్పు వేయండి అనడానికి "పసలీతె" ఒక్కటే చాలు, పక్కన "పఫ్కూసు", అంటే రుచికి తగినంత.