జాతర మైకులో చెప్పేది జనానికి ఎందుకు అర్థం కాదు?

ప్రశ్న: ఈసారి మా ఊరి జాతరలో మైకు బాధ్యత నాకు అప్పగించారు. పోయినసారి పిల్లలు తప్పిపోతే గంటలకొద్దీ చెప్పినా ఎవరికీ అర్థం కాలేదట. జనానికి తెలిసేలా ఎలా చెప్పాలి?

జవాబు: ముందు సౌండు పెంచే ఆలోచన మానుకోండి. అర్థం కాకపోవడానికి సౌండు చాలకపోవడం కారణమయ్యేది చాలా అరుదు. చాలాసార్లు మాటల వరుసే తప్పుగా ఉంటుంది.

మామూలుగా వినిపించే ప్రకటన ఇలా ఉంటుంది: "భక్త మహాశయులకు ముఖ్య విజ్ఞప్తి, శివ అనే ఆరేళ్ల బాబు ఎర్ర చొక్కా నల్ల నిక్కరు ధరించి ఉన్నాడు, తప్పిపోయి మా వద్ద ఉన్నాడు, తండ్రి పేరు రాజయ్య, కొత్తపల్లి గ్రామం, సంబంధీకులు ఎక్కడున్నా వెంటనే మైకు దగ్గరకు రావలెను." ఒక్క గుక్కలో. ఇందులో ఉన్న తప్పులన్నీ విడదీస్తే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

మొదటిది, ఆ తండ్రి చెవికి తగలాల్సిన మాట ఎక్కడో చివర ఉంది. జాతరలో ఎవరూ మైకు వింటూ కూర్చోరు. బేరమాడుతూనో, కొబ్బరికాయ కొడుతూనో ఉంటారు. శివలూ రాజయ్యలూ వందమంది ఉంటారు కాబట్టి ఆ పేర్లకు ఎవరూ తిరిగి చూడరు. సొంత ఊరి పేరు వినపడితే మాత్రం మనిషి టక్కున ఆగుతాడు. పైగా తండ్రి వినకపోయినా అదే ఊరివాళ్లు ఇంకో నలుగురు విని ఆయనకు చెబుతారు. అందుకే ఊరు ముందు రావాలి. కొత్తపల్లులు జిల్లాకు నాలుగుంటాయి కనుక మండలం పేరు కూడా చేర్చండి.

రెండోది, "మైకు దగ్గరకు రండి". మన పల్లెల్లో స్తంభానికి కట్టిన హారన్‌నీ మైకు అనే అంటారు. చెప్పేవాడు తన టెంటు అనుకుంటాడు, వినేవాడు తన నెత్తిమీద అరుస్తున్న హారన్ కిందికి వెళ్లి నిలబడతాడు. "ఇక్కడికి రండి", "కుడివైపు రండి" కూడా అంతే, వినేవాళ్లు తలో దిక్కుకూ తిరిగి ఉన్నారు. ఎటునుంచి చూసినా కనపడే, అందరికీ తెలిసిన ఒకే ఒక్క గుర్తు చెప్పాలి. మేడారంలో గద్దెలు, జంపన్న వాగు అంటే తెలియనివాళ్లు ఉండరు. మీ ఊళ్లో అది గాలిగోపురమో, చెరువు కట్టో, రంగులరాట్నమో.

మూడోది, చొక్కా రంగు. బిడ్డ మీ దగ్గర ఉన్నప్పుడు ఒళ్లంతా వర్ణించకూడదు. వచ్చినవాళ్లు అసలు తల్లిదండ్రులేనా అని తేల్చుకోవడానికి మీకు మిగిలేవి ఆ గుర్తులే. చొక్కా రంగు, మెడలో తాయత్తు లాంటివి వాళ్ల నోటే చెప్పించండి. అప్పగించేది పోలీసుల ఎదుటే. అదే తల్లి మీ దగ్గర ఉండి బిడ్డ కనపడకపోతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు రంగే ముందు చెప్పాలి.

ఇప్పుడు దాన్నే ఇలా చదవండి:

"దయచేసి వినండి." (రెండు క్షణాలు ఆగండి.)
"కొత్తపల్లి వాళ్లు. కొత్తపల్లి వాళ్లు." (మండలం పేరు.)
"రాజయ్య గారూ. మీ బాబు శివ దొరికాడు. క్షేమంగా ఉన్నాడు."
"చెరువు కట్ట దగ్గర, పోలీసు టెంటుకు రండి. చెరువు కట్ట. పోలీసు టెంటు."
"మళ్లీ చెబుతున్నాను."

ఆ తర్వాత మొత్తం ఇంకోసారి, ఒక్క మాట కూడా మార్చకుండా. రెండోసారి "గట్టు మీద ఠాణా వారి శిబిరం" అంటే అది వేరే చోటనుకుంటారు. ఐదు నిమిషాలకు ఒకసారి, ఆ తర్వాత పావుగంటకు ఒకసారి, వచ్చేదాకా. "దయచేసి వినండి"లో సమాచారం ఏమీ లేదు, ఉండకూడదు కూడా. మొదటి మాట ఎలాగూ పోతుంది, పోయేదేదో అదే పోనివ్వండి. రైల్వే స్టేషన్లో అందుకే అలా మొదలుపెడతారు.

రైల్వే వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది, అంకెలు. గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరును ఒకటి, రెండు, ఏడు, రెండు, ఏడు అని విడివిడిగా చదువుతారు. తెలుగులో ఇది మరీ అవసరం. యాభై, డెబ్భై, ఎనభై, తొంభై హారన్లో పడితే మిగిలేది "భై" ఒక్కటే. ఇరవైకీ అరవైకీ మొదటి అచ్చు ఒక్కటే తేడా. ఫోన్ నంబర్లయితే అసలు చదవకండి, నడిజాతరలో ఎవరూ రాసుకోరు.

ఇక వేగం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఒక మనిషికి ఒక హారన్ 50 మీటర్లలో, ఇంకోటి 150 మీటర్లలో ఉంటే రెండోదాని మాట దాదాపు 0.3 సెకను ఆలస్యంగా వస్తుంది. అంటే రెండక్షరాలు వెనక పడి మొదటిదాని మీద ఎక్కుతుంది. మైకు వాడి చెవికి ఇదేమీ తెలియదు, వాడు టెంటులో ఉంటాడు. అందుకే ఒకరిని దూరంగా రెండు స్తంభాల మధ్య నిలబెట్టి, ఊరి పేరు ఏం వినపడిందో అడగండి. తప్పు చెబితే మాటకూ మాటకూ మధ్య ఎడం పెంచండి. అక్షరాలు సాగదీయకండి, సాగదీస్తే ఇంకా కలిసిపోతాయి. ఎదురెదురుగా కట్టిన హారన్లు ఉంటే అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పించండి.

నోటికీ మైకుకూ నాలుగు వేళ్ల దూరం ఉండాలి, కొంచెం పక్కనుంచి మాట్లాడాలి. అరిస్తే ఆంప్లిఫయర్ మాటను చీల్చేస్తుంది, ముందు పోయేవి హల్లులే. బాస్ తగ్గించండి, హారన్ ఎలాగూ దాన్ని పలకలేదు. పాటను కూడా పూర్తిగా ఆపాలి. సన్నగా వెనక మోగనివ్వడం సినిమా పద్ధతి, జాతరలో పనికిరాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మన వ్యతిరేక క్రియ. "వెళ్లండి", "వెళ్లకండి" మధ్య తేడా ఒక్క "క". "రండి", "రాకండి" కూడా దాదాపు అంతే. ప్రతిధ్వనిలో ఆ "క" మాయమైతే మీరు వద్దన్నదే చేయమన్నట్టవుతుంది. వంతెన మీద జనం ఒత్తుకుంటున్నప్పుడు "ముందుకు వెళ్లకండి" అని అరవడం కంటే పెద్ద తప్పు లేదు. "ఆగండి. ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి" అనండి. ఆ తర్వాత వెనకవైపు హారన్లలో విడిగా చెప్పండి, ఎందుకంటే తోసేది వెనకున్నవాళ్లు, ముందున్నవాళ్లు ఆగాలన్నా ఆగలేరు. "తొక్కిసలాట" అన్న మాట మాత్రం మైకులో పలకనే వద్దు.

మేడారం లాంటి చోటకి ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు. అప్పుడు తెలుగు రెండుసార్లు పూర్తిచేశాకే హిందీ ఎత్తుకోవాలి, వాక్యానికో భాష మారిస్తే ఏదీ అందదు.

చందాల సంగతి కూడా చెప్పాలి. "ఫలానా గారు 1,116 రూపాయలు" అని గంటసేపు చదివితే జనం చెవులు మైకుకు మూసుకుపోతాయి, ఆ తర్వాత బిడ్డ పేరు చదివినా చందా అనుకుంటారు. సర్పంచి గారికి కోపం వచ్చినా సరే, దాతల పేర్లు ఫ్లెక్సీ మీద రాయించమనండి. తప్పకపోతే ఆ పని వేరే గొంతుకు అప్పగించండి. తప్పిపోయినవాళ్ల ప్రకటన ఎప్పుడూ ఒకే గొంతులో, వీలైతే ఆడగొంతులో రావాలి. మగగొంతుల రొదలో అది వేరుగా తెలుస్తుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వరుస సంఖ్య, ఊరు, పేరు, ఎన్ని గంటలకు చదివారు, ఎప్పుడు అప్పగించారు. అప్పగించగానే "కొత్తపల్లి బాబు ఇంటివాళ్లను చేరాడు" అని ఒకసారి చదవండి, లేకపోతే ఆ ఊరివాళ్లు చీకటి పడేదాకా వెతుకుతూనే ఉంటారు.