తలనొప్పి డైరీలో నొప్పి లేని రోజులూ ఉండాలి

ప్రశ్న: ఆరు నెలలుగా తలనొప్పి వచ్చినప్పుడల్లా ఒక యాప్‌లో నమోదు చేస్తున్నాను. మొన్న న్యూరాలజిస్టుకు చూపిస్తే రెండు స్క్రీన్లు జరిపి, "నెలకు ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు?" అని అడిగారు. చెప్పలేకపోయాను. ఇంతకంటే మంచి యాప్ ఉందా?

జవాబు: యాప్ మార్చినా ఇదే జరుగుతుంది. నొప్పి వచ్చినప్పుడే రాస్తే, ఖాళీగా ఉన్న తేదీ బాగున్న రోజో, రాయడం మరిచిన రోజో డాక్టరుకు తెలియదు. పైగా చాక్లెట్, ఎండ, ఒత్తిడి అంటూ ఒకటే బటన్లు పెట్టి, చివర్లో రంగుల చక్రం గీసి ఇదే కారణమని చూపించే యాప్‌లంటే నాకు కోపం. మైగ్రేన్ నొప్పి మొదలయ్యే ముందురోజే కొందరికి ఆవలింతలు వస్తాయి, తీపి తినాలనిపిస్తుంది. అలాంటప్పుడు చాక్లెట్ కారణం కాదు, అప్పటికే మొదలైన మైగ్రేన్‌కు గుర్తు. తిన్నా నొప్పి రాని రోజులు కూడా రాసి ఉంటేనే ఆ తేడా పట్టుబడుతుంది.

ఫోన్‌లో మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. నెలకో షీట్, మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుస నుంచి రోజుకో వరుస. A లో తేదీ, B లో నొప్పి తీవ్రత 0 నుంచి 10, C లో ఎన్ని గంటలుంది, D లో ఎన్ని మాత్రలు, E లో మాత్ర పేరు, F లో ఒక్క ముక్క: నిద్ర చాలలేదు, భోజనం తప్పింది, నెలసరి మొదటి రోజు. నొప్పి లేకపోతే 0 వేయండి. పక్కన ఖాళీ గడుల్లో ఈ రెండూ రాయండి.

```
=COUNTIF(B2:B32,">0")
=COUNTIF(D2:D32,">0")
```

మొదటిది నొప్పి ఉన్న రోజులు, రెండోది మాత్ర వేసుకున్న రోజులు. మా వదినతో ఇలాగే రాయించాను. జూన్‌లో 18, 16 వచ్చాయి. ముందు మూడు నెలలూ దాదాపు అంతే, అన్నీ పారాసెటమాల్ మాత్రలే. డాక్టరు ఆ రెండో అంకె దగ్గరే ఆగారు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కు ఇచ్చే ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ 10 రోజులు లేదా అంతకు మించి వాడుతూ మూడు నెలలు దాటితే, ఆ మాత్రల వల్లే తలనొప్పి పదేపదే రావచ్చు. లెక్క రోజులది. ఒకే రోజు మూడు వేసుకున్నా ఒక రోజే.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే. నెలసరి తేదీలు, మందుల పేర్లు, నిద్ర వేళలు అన్నీ తీసుకున్న యాప్ కాంటాక్టులు, లొకేషన్ కూడా అడుగుతుంటే ఇవ్వకండి. తలనొప్పికి వాటితో పనిలేదు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినా వాళ్ల సర్వర్‌లో మీ సమాచారం ఉండిపోతుంది. ముందు మీ డేటా దించుకుని, ఖాతా తొలగించి, ఆ తర్వాతే యాప్ తీసేయండి.

షీట్‌తోనూ జాగ్రత్త. డాక్టరుకు పంపే తొందరలో చాలామంది గూగుల్ షీట్స్‌లో షేరింగ్‌ను Anyone with the link కి మార్చేస్తారు. ఆ లింకు చేతులు మారితే, మీరు రేపు రాసేది కూడా ఎవరైనా చదవొచ్చు. Restricted లోనే ఉంచి, మూడు నెలల షీట్లు పీడీఎఫ్ చేసి ప్రింటు తీసుకెళ్లండి. జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు పంపిన ఫైలు అక్కడి Downloads లోనే పడి ఉంటుంది. అక్కడే నిలబడి దాన్ని, Recycle Bin లోంచి కూడా, తీయించండి.