ఎఫ్‌డీని పక్కన పెట్టి లెక్కేయండి, మీ 62 శాతం 70 అవుతుంది

ప్రశ్న: నా వయసు 42. ప్రైవేటు ఉద్యోగం. రిటైర్మెంట్ కోసం ఈక్విటీ ఫండ్లలో 33 లక్షలు, డెట్ ఫండ్‌లో 4 లక్షలు, పీఎఫ్‌లో 10 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీలో 6 లక్షలు ఉన్నాయి. ఈక్విటీ, డెట్ 60:40గా ఉండాలని ఏటా ఏప్రిల్‌లో సరిచేస్తాను. 2020లో మార్కెట్ పడినప్పుడు ఎఫ్‌డీలోంచి 2 లక్షలు తీసి ఈక్విటీలో వేస్తే బాగా కలిసొచ్చింది. ఇప్పుడు ఈక్విటీ 62 శాతం దాటింది. అమ్మితే ట్యాక్స్ పడుతుంది. ఫండ్లు తాకట్టు పెట్టి 2 లక్షల లోన్ తీసుకుని డెట్ ఫండ్‌లో వేస్తే 60:40 అయిపోతుంది కదా? నెలకు 25 వేలు ఈక్విటీ సిప్ కడుతున్నాను, పీఎఫ్‌లో 12 వేలు పడతాయి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి 80 వేలు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ లోన్ సంగతి తేల్చేద్దాం. తీసుకోకండి. డెట్ ఫండ్‌లో డబ్బు పెట్టినప్పుడు మీరు అప్పిచ్చినవాళ్లు, లోన్ తీసుకున్నప్పుడు అప్పు పుచ్చుకున్నవాళ్లు. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకుంటే రెండూ చెల్లుకు చెల్లు. మీ సొంత డబ్బు అప్పుడూ 53 లక్షలే, అందులో ఈక్విటీ అప్పుడూ 33 లక్షలే. కాగితం మీద 60 శాతం కనిపించడం కోసం 10 శాతం అటూ ఇటూ వడ్డీ కడతారు. ఆ డబ్బు డెట్ ఫండ్‌లో 7 శాతం సంపాదించినా దాని మీద మళ్లీ మీ శ్లాబు ప్రకారం ట్యాక్స్. రేపు మార్కెట్ పడి తాకట్టు విలువ తగ్గిందంటే అప్పిచ్చినవాడు డబ్బు కట్టమంటాడు. కట్టకపోతే మీ యూనిట్లు అమ్మేస్తాడు, అదీ అడుగంటిన ధరకు.

ఇంతకీ మీరు తప్పించుకోవాలనుకుంటున్న ట్యాక్స్ ఎంతో చూశారా? 60కి రావాలంటే మీ లెక్క ప్రకారం 1.2 లక్షల విలువైన యూనిట్లు అమ్మితే చాలు. అందులో సగం లాభమే అనుకున్నా 60 వేలు. ఈక్విటీ ఫండ్లలో దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా ట్యాక్స్ ఉండదు. సున్నా ట్యాక్స్‌ను తప్పించుకోవడానికి 10 శాతం వడ్డీకి అప్పా? ఇలాంటి లోన్లు ఫోన్‌లో నాలుగు నొక్కులకు దొరకడం మొదలయ్యాక ఈ తెలివితేటలు మరీ ఎక్కువయ్యాయి.

నిజానికి మీ ఉత్తరానికి జవాబు రాయాలనిపించింది లోన్ వల్ల కాదు, ఎఫ్‌డీ వల్ల. నెలకు 80 వేల ఖర్చున్న ఇంటికి 6 లక్షలంటే ఏడున్నర నెలల తిండి, ఈఎంఐ. మీకున్న ఎమర్జెన్సీ ఫండ్ అదొక్కటే. దాన్ని మీరు రిటైర్మెంట్ డబ్బుతో కలిపి లెక్కేశారు. చాలామంది చేసే తప్పు ఇదే. ఎఫ్‌డీ కూడా డెట్టే కదా అంటారు. డెట్టే, కాదనను. కానీ రీబ్యాలెన్సింగ్ అంటే మార్కెట్ పడినప్పుడల్లా డెట్‌లోంచి తీసి ఈక్విటీలో వేయడం. ఎఫ్‌డీ ఆ లెక్కలో ఉంటే, ఉద్యోగాలు ఊడే రోజుల్లోనే ఎమర్జెన్సీ ఫండ్‌ను ఖాళీ చేయమని లెక్క చెబుతుంది. 2020లో మీరు చేసింది అదే. నిఫ్టీ జనవరిలో 12,000 పైన ఉండి మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. మర్నాటి రాత్రే లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ తర్వాత ఎంతోమందికి జీతాలు కోశారు. మీ జీతం ఆగలేదు కాబట్టి కలిసొచ్చిందంటున్నారు. ఆగి ఉంటే అదే యూనిట్లను నష్టానికి అమ్ముకుని ఈఎంఐ కట్టేవారు. దాన్ని పద్ధతి అనకండి, అదృష్టం అనండి.

ఎఫ్‌డీని పక్కన పెట్టండి. మిగిలింది 47 లక్షలు, అందులో ఈక్విటీ 33. అంటే 70 శాతం. రెండు శాతం తేడా అనుకున్నది పది శాతమన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తేడా ఎంతుంటే కదపాలి? ఏడాదికోసారి చూడటం మంచిదే, కానీ చూసిన ప్రతిసారీ కదపాలని లేదు. నేను వేసే లెక్క చిన్నది. 2020లో లాగా మళ్లీ 38 శాతం పడిందనుకోండి, ఇప్పుడు సరిచేయడం వల్ల ఎంత నష్టం తగ్గుతుంది? మీరనుకున్న 1.2 లక్షలు కదిపితే తగ్గేది సుమారు 46 వేలు. 53 లక్షల్లో అది నూటికి రూపాయి కూడా కాదు. దానికోసం అమ్మకాలూ, రిటర్నుల్లో చూపించుకోవడాలూ అనవసరం. అసలు తేడాకు ఇదే లెక్క వేయండి. 47 లక్షల్లో 60 శాతమంటే 28.2 లక్షలు, మీ దగ్గర 4.8 లక్షలు ఎక్కువున్నాయి. అవి ఈక్విటీలోనే ఉండిపోతే అలాంటి పతనంలో అదనంగా పోయేది 1.8 లక్షలు, దాదాపు 4 శాతం. ఇది కదపాల్సిన తేడా. రోజువారీ లెక్కగా నేను వాడేది అనుకున్న వాటాకు అటూ ఇటూ 5 శాతం. మీకైతే 55 నుంచి 65. ఆ మధ్యలో ఉంటే ముట్టుకోవద్దు. ఒక సంగతి ఒప్పుకోవాలి. మార్కెట్ ఆగకుండా పెరిగే ఏళ్లలో రీబ్యాలెన్స్ చేసినవాడికి లాభం తగ్గుతుంది. ఇది లాభం పెంచే పని కాదు, పడినప్పుడు తగిలే దెబ్బను తగ్గించే పని.

కదిపేటప్పుడు మొత్తం 4.8 లక్షలూ ఒకేసారి అమ్మక్కర్లేదు. అంచు లోపలికి వచ్చేంత, ట్యాక్స్ పడనంత అమ్మి డెట్ ఫండ్‌లో వేయండి. సగం లాభమనుకుంటే 2.5 లక్షల అమ్మకంలో లాభం సరిగ్గా 1.25 లక్షలు. ఈ ఆర్థిక సంవత్సరంలో షేర్ల మీదో, వేరే ఫండ్ల మీదో దీర్ఘకాలిక లాభం ఇంకేమీ లేకపోతే ట్యాక్స్ ఉండదు. అంతకు మించితే మించినదాని మీద 12.5 శాతం. ఈక్విటీ 30.5 లక్షలకు దిగి, వాటా 65 శాతంలోపు అవుతుంది.

అయితే ఆ సగం అన్నది నా ఊహ. ముందుగా కొన్న యూనిట్లే ముందుగా అమ్ముడవుతాయి కాబట్టి పదేళ్ల పాత ఫండ్‌లో లాభం సగం కంటే చాలా ఎక్కువుండొచ్చు. ఫండ్ల ఖాతాలు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ సంస్థల నుంచి స్టేట్‌మెంట్లు తీసి, సిప్ మొదలుపెట్టి రెండు మూడేళ్లే అయిన ఫండ్ ఏదైనా ఉంటే అందులోంచి అమ్మండి. ఏడాది నిండని యూనిట్ల జోలికి పోవద్దు. వాటి లాభం మీద 20 శాతం ట్యాక్స్, చాలా ఫండ్లలో తొందరగా తీసినందుకు కోసే ఎగ్జిట్ లోడ్ కూడా. ఒకే కంపెనీలో డెట్ ఫండ్‌కు స్విచ్ కొట్టినా అది అమ్మకం కిందే లెక్క.

మిగతాది కొత్త డబ్బు చూసుకుంటుంది. ఆ 25 వేల సిప్‌ను డెట్ ఫండ్‌కు మార్చండి. పీఎఫ్‌తో కలిపి నెలకు 37 వేలు డెట్ వైపు చేరుతుంది. మార్కెట్ ఎక్కడున్నది అక్కడే ఉందనుకుంటే 11 నెలల్లో 60కి వస్తారు. పీపీఎఫ్‌లో వేయొచ్చు కదా అనకండి. మీ డెట్‌లో 10 లక్షలు ఇప్పటికే పీఎఫ్‌లో తాళం పడి ఉన్నాయి. మార్కెట్ పడినప్పుడు తీయడానికి చేతికందేది ఆ 4 లక్షల డెట్ ఫండే. అది పెరగాలి, లేకపోతే మళ్లీ చెయ్యి ఎఫ్‌డీ మీదకే పోతుంది.

ఎన్‌పీఎస్ ఉంటే అందులో వాటాలు మార్చినా ట్యాక్స్ పడదు. ఈ లెక్కలన్నీ విసుగనిపిస్తే హైబ్రిడ్ ఫండ్ తనలో తానే సరిచేసుకుంటుంది.

వచ్చే ఏప్రిల్‌లో ఎఫ్‌డీ లేకుండా లెక్కేయండి. 60 దరిదాపుల్లో ఉంటే సిప్‌ను మళ్లీ ఈక్విటీకి మార్చేయండి, అమ్మకాలేవీ వద్దు. ఈఎంఐ పెరిగినా, ఇంటి ఖర్చు పెరిగినా ముందు ఆ 6 లక్షలను పెంచాక ఈ పని మొదలుపెట్టండి.